అప్రైజల్‌కు ఒక్క పేజీ: మెడికల్ కోడర్ సెల్ఫ్ రివ్యూ ఎలా రాయాలి

అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన వివరాలు చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి చికిత్సకూ నిర్ణీతమైన కోడ్ వేయడాన్ని మెడికల్ కోడింగ్ అంటారు. ఆసుపత్రి పంపే బిల్లును అక్కడి బీమా కంపెనీలు ఈ కోడ్‌లను బట్టే చూస్తాయి. హైదరాబాద్‌లో బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవాళ్లు చాలామంది ఈ పనిలో ఉన్నారు. ఒక రోగి ఒకసారి ఆసుపత్రికి వచ్చినప్పటి కాగితాలన్నీ కలిపి ఒక చార్టు. రోజుకు ఎన్ని చార్టులు పూర్తయ్యాయన్నది ప్రొడక్షన్, వాటిలో కోడ్‌లు ఎంత సరిగ్గా పడ్డాయన్నది క్వాలిటీ. అప్రైజల్ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఆ చర్చకు ముందు కంపెనీ సెల్ఫ్ రివ్యూ రాసి పంపమంటుంది. చాలామంది అందులో కష్టపడి పనిచేశామనీ, లక్ష్యాలు అందుకున్నామనీ, టీమ్‌కు సహకరించామనీ రాస్తారు. అలాంటి వాక్యాల్ని ఎవరి పేరు కిందైనా పెట్టవచ్చు కాబట్టి టీమ్ లీడ్‌కు వాటితో పనిలేదు. మొత్తం అంకెలు టీమ్ లీడ్ దగ్గర ముందే ఉంటాయి. ఆ అంకె ఎలా వచ్చింది, మధ్యలో ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది, తర్వాత ఏం మారింది అన్నవి మాత్రం ఆ పని చేసిన మనిషికే తెలుసు. సెల్ఫ్ రివ్యూలో రాయాల్సింది అదే.

అత్యవసర విభాగం చార్టులు చేసే ఒక కోడర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. రివ్యూ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు జరిగిన పనికి. లక్ష్యం రోజుకు 90 చార్టులు, క్వాలిటీ 95 శాతం. లక్ష్యాలు విభాగాన్ని బట్టీ కంపెనీని బట్టీ మారతాయి కాబట్టి ఈ అంకెల్ని లెక్క పద్ధతి చూపడానికి పెట్టుకున్నవిగానే తీసుకోవాలి.

ఆరు నెలల్లో ఈ కోడర్ 10,396 చార్టులు పూర్తి చేసింది. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, ఎన్ని రోజుల్లో చేసిందో తెలియకపోతే దానితో ఏమీ తేలదు. క్యాలెండర్ ప్రకారం పనిదినాలు 126. 10,396ను 126తో భాగిస్తే రోజుకు 82.5 వస్తుంది, అంటే లక్ష్యంలో 91.7 శాతమే. కానీ ఆ 126 రోజుల్లో 8 సెలవులు, 3 శిక్షణ రోజులు, కోడింగ్ టూల్ పనిచేయక చార్టులు తెరుచుకోని రోజులు 2. ఈ 13 తీసేస్తే నిజంగా చార్టులు చేసిన రోజులు 113. వాటితో భాగిస్తే సరిగ్గా 92 వస్తుంది, అంటే లక్ష్యంలో 102.2 శాతం. చేసిన పని ఒక్కటే అయినా, భాగించిన రోజుల సంఖ్య మారేసరికి ఒక లెక్కలో వెనకబడ్డ ఉద్యోగి రెండో లెక్కలో లక్ష్యం దాటిన ఉద్యోగి అయింది.

అందుకని ముందుగా ఏ రోజులు మినహాయించవచ్చో కంపెనీ నియమం చూసుకోవాలి. శిక్షణ రోజుల్ని తీసేయడానికి ఒప్పుకొని, టూల్ ఆగిపోయిన సమయాన్ని ఒప్పుకోని చోట్లు ఉంటాయి. తీసిన ప్రతి రోజుకూ సెలవు ఆమోదమో, శిక్షణ మెయిలో, ఐటీ విభాగానికి పెట్టిన టికెటో చూపగలగాలి. చార్టుల సంఖ్య కూడా సొంత నోట్‌బుక్‌లోంచి కాక టూల్ ఇచ్చే నివేదికలోంచే తీసుకోవాలి. ఈ రెండింటికీ తేడా వచ్చిందంటే, డాక్టర్‌ను వివరణ అడిగి పక్కన పెట్టిన చార్టులో, వెనక్కి వచ్చి రెండోసారి చేసినవో నోట్‌బుక్‌లో కలిసి ఉంటాయి. చివరిదాకా పూర్తయి సమర్పించిన చార్టునే, అదీ ఒక్కసారే లెక్కపెట్టాలి.

క్వాలిటీ లెక్కలో తికమక ఇంకా ఎక్కువ. పూర్తయిన చార్టులన్నీ ఎవరూ మళ్లీ చూడరు. ఆడిటర్ కొన్నింటినే ఎంచి తనిఖీ చేస్తాడు. ఈ కోడర్ చార్టుల్లో 5 శాతం, అంటే 520 ఆడిట్‌కు వెళ్లాయి. వాటిలో మొత్తం కోడ్‌లు 2,080. ఆడిటర్ మొదట 71 తప్పులు పట్టాడు. కోడర్ కొన్నింటిని ఒప్పుకోక, నియమం చూపిస్తూ రిబటల్ పంపింది. 9 తప్పులు రద్దయి చివరికి 62 మిగిలాయి. 2,080 కోడ్‌లకు 62 తప్పులంటే క్వాలిటీ 97 శాతం. ఆ 62 తప్పులూ 47 చార్టుల్లో ఉన్నాయి. ఒక్క తప్పున్నా చార్టు మొత్తం తప్పే అని లెక్కేసే పద్ధతిలో 520లో 473 చార్టులే సరైనవవుతాయి, స్కోరు 91 శాతానికి దిగుతుంది. రెండూ నిజమైన లెక్కలే. కంపెనీ లక్ష్యం ఏ పద్ధతిలో పెట్టిందో ఆ పద్ధతి పేరు రాసి, దాని స్కోరే ఇవ్వాలి. బాగా కనిపిస్తోంది కదా అని రెండో పద్ధతి స్కోరు పెడితే చర్చలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. రిబటల్‌లో గెలిచిన 9 తప్పులు నివేదికలోంచి తొలగాయో లేదో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు నెలవారీ స్కోర్లు వరసగా పెడితే ఏప్రిల్ 97.9, మే 97.7, జూన్ 93.9, జులై 96, ఆగస్టు, సెప్టెంబర్ రెండూ 98.3. ఏప్రిల్‌తో పోల్చి సెప్టెంబర్‌లో మెరుగుపడ్డానని రాయాలనిపిస్తుంది. కానీ ఏప్రిల్‌లో 340 కోడ్‌లకు 7 తప్పులు, సెప్టెంబర్‌లో 350కి 6. ఆ తేడా ఒక్క తప్పుది. ఆడిటర్ చేతికి వేరే చార్టు వచ్చుంటే అది తిరగబడేది. దాన్ని ప్రగతి అనకూడదు. జూన్ సంగతి వేరు. 345 కోడ్‌లకు 21 తప్పులు వచ్చాయంటే దాని వెనక కారణం ఉండే ఉంటుంది. రివ్యూలో ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి. తగ్గిన నెలను దాచడం చాలామంది చేసే పని. ఆ నెల టీమ్ లీడ్ షీట్‌లో కనిపిస్తూనే ఉంటుంది, దాచినవాళ్లకు దాని గురించి వివరించే అవకాశం మాత్రం పోతుంది.

కారణం ఆడిట్ షీట్‌లోనే దొరుకుతుంది. ప్రతి తప్పుకూ ఎదురుగా అది ఏ రకమో రాసి ఉంటుంది. జూన్‌లోని 21 తప్పుల్ని రకాలవారీగా విడదీస్తే 9 ఒకే చోట పోగుపడ్డాయి: గాయాలకు వేసిన కుట్లు. చికిత్సల కోడ్‌లుండే సీపీటీ పుస్తకంలో కుట్ల కోడ్ గాయం పొడవును బట్టీ, శరీర భాగాన్ని బట్టీ, కుట్టు తీరును బట్టీ మారుతుంది. ఒకే వర్గంలోకి వచ్చే శరీర భాగాల మీద, ఒకే తీరు కుట్లతో రెండు మూడు గాయాలుంటే, వాటి పొడవులు కలిపి ఒక్క కోడే వేయాలి. ఉదాహరణకు చేతి మీద 2 సెంటీమీటర్ల గాయం, 3 సెంటీమీటర్ల గాయం ఉండి రెండింటికీ సాధారణ కుట్లు వేస్తే మొత్తం 5 సెంటీమీటర్లు. 12002 ఒక్కటే చాలు. ఈ కోడర్ మొదటిదానికి 12001, రెండోదానికి 12002 విడివిడిగా వేసింది. జూన్‌లో కొత్త ఆసుపత్రి చార్టులు వచ్చి చేరాయి, వాటిలో ఇలా ఒకటికి మించి గాయాలున్న కేసులు ఎక్కువ. ఈ 9 తప్పులూ లేకపోతే జూన్ స్కోరు 96.5 ఉండేది. అంటే పని మొత్తం దెబ్బతినలేదు, ఒక్క నియమం దగ్గర మాత్రం తడబాటు ఉంది.

మారిందని చెప్పడానికీ ఇలాంటి రుజువే కావాలి. కోడర్ శరీర భాగాల వర్గాలు, పొడవుల హద్దులు ఒక చిన్న పట్టికగా రాసుకుంది. జులైలో ఇదే రకం తప్పులు 4కు తగ్గాయి, ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో అసలు రాలేదు. ఆ రెండు నెలల ఆడిట్‌లో కుట్లున్న చార్టులు 24 వచ్చినా, ఒకటికి మించి గాయాలున్నవి 9 మాత్రమే. ఈ నియమానికి అసలు పరీక్ష ఆ 9 చార్టులే. రివ్యూలో 24 అని రాస్తే పెద్దగా కనిపిస్తుంది, 9 అని రాస్తే నిజం చెప్పినట్టవుతుంది.

ఇదంతా కలిపితే రివ్యూ ఇలా వస్తుంది. ఆఫీసులో ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా వరస ఇదే.

“ఏప్రిల్–సెప్టెంబర్‌లో చార్టులు చేసిన రోజులు 113 (సెలవులు 8, శిక్షణ 3, టూల్ పనిచేయనివి 2 పోను). పూర్తయిన చార్టులు 10,396. రోజుకు సగటు 92, లక్ష్యం 90. ఆడిట్ అయిన 520 చార్టుల్లో 2,080 కోడ్‌లకు రిబటల్ తర్వాత 62 తప్పులు. కోడ్‌లవారీ క్వాలిటీ 97 శాతం, లక్ష్యం 95. జూన్‌లో 93.9కి తగ్గింది. ఆ నెల 21 తప్పుల్లో 9, ఒకటికి మించి గాయాలున్నప్పుడు పొడవులు కలపకపోవడం వల్ల వచ్చాయి. వర్గాల పట్టిక రాసుకుని వాడుతున్నాను. జులైలో ఆ తప్పులు 4; ఆగస్టు, సెప్టెంబర్‌లలో అలాంటి చార్టులు 9 ఆడిట్ అయ్యాయి, తప్పు లేదు. చివరి రెండు నెలల 12 తప్పుల్లో 7 మాడిఫైయర్ 25వి. దాని మీద ఆడిటర్‌తో ఒక గంట కూర్చునే వీలు కల్పించమని కోరుతున్నాను.”

మాడిఫైయర్ 25 అంటే, అదే రోజు చేసిన చికిత్సకు అదనంగా డాక్టర్ విడిగా, చెప్పుకోదగినంతగా రోగిని పరీక్షించాడని తెలిపే గుర్తు. ఎప్పుడు వేయాలన్నది డాక్టర్ రాసిన నోట్‌ను బట్టి తేల్చుకోవాల్సిందే తప్ప పట్టిక చూసి వేసేది కాదు. అందుకే ఇక్కడ పట్టిక సరిపోదు, కూర్చుని మాట్లాడాలి. రివ్యూ చివర అభ్యర్థన ఇంత నిర్దిష్టంగా ఉంటే టీమ్ లీడ్ అక్కడికక్కడే సరే అనో కాదనో చెప్పగలడు.

ఉదాహరణ రాసేటప్పుడు ఒక హద్దు దాటకూడదు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం కింద రోగి పేరే కాదు, మెడికల్ రికార్డు నంబరు, ఆసుపత్రికి వచ్చిన తేదీ కూడా రోగిని గుర్తుపట్టించే వివరాలే. అవి సెల్ఫ్ రివ్యూలో ఉండకూడదు, చార్టు స్క్రీన్‌షాట్ అసలే పెట్టకూడదు. ఆడిట్ నెల, తప్పు రకం, సరైన కోడ్ రాస్తే చాలు. టీమ్ లీడ్‌కు చార్టు కావాలంటే తన అనుమతితో టూల్‌లోనే చూసుకుంటాడు.

ఈ అంకెలకు అందని పని కూడా ఉంటుంది. కొత్తగా చేరినవారి సందేహాలు తీర్చడం వల్ల చార్టులు తగ్గితే, ఎంతమందికి, ఏ వారాల్లో నేర్పిందీ, వాళ్లు ఆడిట్ ఎప్పుడు దాటిందీ ఒక వాక్యంలో కలపవచ్చు. లెక్క లేని సాయాన్ని ఇందులో ఇరికించే కన్నా చర్చలో నోటితో చెప్పడం మంచిది.

ఆరు నెలల తర్వాత పాత ఆడిట్ షీట్లు వెతుక్కోవడం కష్టం, తప్పు ఎందుకు జరిగిందో గుర్తూ ఉండదు. ఈ పని చేస్తున్నవారు ప్రతి నెలాఖరునా చార్టుల సంఖ్య, పనిచేసిన రోజులు, ఆడిట్ అయిన కోడ్‌లు, తప్పుల రకాలు ఆఫీసు సిస్టమ్‌లోనే ఒక వరసలో రాసిపెట్టుకోవాలి. రివ్యూను కూడా చర్చకు రెండు రోజుల ముందే పంపాలి, టీమ్ లీడ్ తన షీట్‌తో సరిచూసుకోవడానికి ఆ సమయం కావాలి.