చలికాలంలో ఎలక్ట్రిక్ కారు: కరెంటు ఎక్కడికి పోతోంది?

2024 జనవరి మధ్యలో చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల కంటే కిందికి పడిపోయింది. ఓక్ బ్రూక్ లాంటి శివారు ఊళ్లలో ఫాస్ట్ చార్జర్ల ముందు టెస్లా కార్లు బారులు తీరాయి. గంటల తరబడి వరుసలో ఉన్న కార్లలో కొన్ని చార్జర్ దాకా చేరకముందే ఆగిపోతే టో ట్రక్కులు వచ్చి లాక్కెళ్లాయి. టీవీలో అది చూసినవాళ్లకి ఎలక్ట్రిక్ కారు చలికి పనికిరాదనే అనిపిస్తుంది. కానీ ఏటా నెలల తరబడి మంచు కురిసే నార్వేలో అదే 2024లో అమ్ముడైన కొత్త కార్లు పదింటిలో దాదాపు తొమ్మిది పూర్తి ఎలక్ట్రిక్‌వే.

చికాగో, న్యూజెర్సీ, టొరంటో వైపు ఉండే మనవాళ్లలో ఈ కార్లు కొన్నవాళ్లు తక్కువేమీ కాదు. డిసెంబర్ వచ్చిందంటే వాళ్ల ఫోన్లలో వినిపించే మాట ఒకటుంది: “కొన్నప్పుడు మూడొందల మైళ్లన్నాడు బావా, ఇప్పుడు నూట ఎనభై కూడా రావట్లేదు. బ్యాటరీ గానీ పోయిందంటావా?” సాధారణంగా బ్యాటరీకి ఏమీ కాదు. అందులోని కరెంటు బండి నడపడానికి కాకుండా వేరే పనులకి ఖర్చవుతోందంతే. ఆ ఖర్చు కిలోమీటర్ల లెక్కన కాకుండా గంటల లెక్కన, ఎన్నిసార్లు స్టార్ట్ చేశామన్న లెక్కన పడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పెట్రోలు బండికి ఉచితం, దీనికి కాదు

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు ఎలక్ట్రిక్ మోడళ్లను సుమారు మైనస్ 7 డిగ్రీల చలిలో పరీక్షించింది. హీటర్ వేయకుండా నడిపితే, 24 డిగ్రీల హాయైన వాతావరణంతో పోల్చినప్పుడు రేంజ్ సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేసి నడిపితే 41 శాతం తగ్గింది. అంటే పోయిన రేంజ్‌లో పెద్ద వాటా తీసుకున్నది కారు లోపలి గాలిని వేడి చేసే పనే.

పెట్రోలు ఇంజన్‌లో మండే ఇంధనంలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది మూడో వంతు కూడా ఉండదు. తక్కినదంతా వేడిగానే పోతుంది. ఆ వృథా వేడిలో కొంత లోపలికి మళ్లిస్తే హీటర్ ఉచితంగా నడిచినట్టే. ఎలక్ట్రిక్ మోటారు వృథా చేసేది చాలా తక్కువ. అది దాని గొప్పతనమే గానీ, ఆ కారణంగానే లోపలికి ఇవ్వడానికి దాని దగ్గర మిగులు వేడి ఉండదు. కావలసిన వేడినంతా బ్యాటరీలోని కరెంటుతోనే పుట్టించుకోవాలి. పాత మోడళ్లలో ఈ పని చేసేది మన బాత్రూమ్ గీజరులో ఉన్నలాంటి హీటింగ్ ఎలిమెంటే. గీజరును పావుగంటలో కట్టేస్తాం, కారు హీటర్ మాత్రం ప్రయాణం సాగినంతసేపూ నడుస్తూనే ఉంటుంది.

ఒక కారు, మూడు ప్రయాణాలు

లెక్క వేసి చూద్దాం. బ్యాటరీలో 75 యూనిట్ల కరెంటు పడుతుందనుకోండి. మన ఇంటి మీటరు మీద కనిపించే యూనిట్లే ఇవీనూ. మంచి వాతావరణంలో ఈ కారు వంద కిలోమీటర్లకి 15 యూనిట్లు తాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్లు వెళుతుంది. బయట మైనస్ 10 ఉన్నప్పుడు గాలి చిక్కబడుతుంది, టైర్లు బిగుసుకుంటాయి, వాటిలో గాలి తగ్గుతుంది. వీటివల్ల కేవలం నడవడానికే వంద కిలోమీటర్లకి 18 యూనిట్లు పడతాయనుకుందాం. హీటరు మొదటి పది నిమిషాలు 6 కిలోవాట్ల మీద, కారు వెచ్చబడ్డాక 3 కిలోవాట్ల మీద నడుస్తుందనుకుందాం.

మొదటిది హైవే ప్రయాణం. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వెళితే, ఆ గంటలో హీటర్ తాగేది 3 యూనిట్లు, మొదట్లో వేడెక్కడానికి ఇంకో అర యూనిట్. వంద కిలోమీటర్లకి మొత్తం ఖర్చు 21 యూనిట్ల పైచిలుకు, రేంజ్ 350 కిలోమీటర్ల దరిదాపు.

రెండోది మంచులో నత్తనడక ట్రాఫిక్. సగటు వేగం 30 అయితే అదే వంద కిలోమీటర్లకి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ హీటర్ నడవాల్సిందే కాబట్టి దానికే 10 యూనిట్లు. మొత్తం 28 అవుతుంది, రేంజ్ 270 కిలోమీటర్లకి దిగుతుంది.

మూడోది రోజువారీ ఆఫీసు. దూరం ఎనిమిది కిలోమీటర్లు, సమయం ఇరవై నిమిషాలు. నడవడానికి యూనిట్న్నర కంటే తక్కువే. హీటర్‌కి తొలి పది నిమిషాల్లో ఒక యూనిట్, తర్వాతి పది నిమిషాల్లో అర యూనిట్, వెరసి యూనిట్న్నర. బండి నడవడానికి ఎంతయిందో అది వెచ్చబడడానికీ అంతే అయింది. సాయంత్రానికి కారు మళ్లీ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో ఖర్చు మొదటికొస్తుంది. ఇలాగే నడిపితే 500 కిలోమీటర్ల కారు 200 దగ్గర ఆగుతుంది.

“దగ్గరి దూరాలే కదా తిరిగేది, అయినా చార్జింగ్ ఎందుకిలా కరిగిపోతోంది?” అన్న ప్రశ్నకి ఇదే జవాబు. దగ్గరి దూరాలే తిరగడం వల్లనే కరిగిపోతోంది. పెట్రోలు కారుకి కూడా ఈ శాపం కొంత ఉంది. అదే మైనస్ 7 చలిలో దాని మైలేజీ సుమారు 15 శాతం, మూడు నాలుగు మైళ్ల ప్రయాణాల్లో 24 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. కాకపోతే పెట్రోలు బంకులో నింపడానికి ఐదు నిమిషాలే పడుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కొత్త మోడళ్లలో చాలావాటికి హీట్ పంప్ ఉంటుంది. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినే లాగి లోపలికి చేరవేస్తుంది. ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి మైనస్ 15, మైనస్ 20కి చేరేకొద్దీ ఈ లాభం సన్నగిల్లుతుంది. టెస్లా మోడల్ 3కి 2021 మోడల్ నుంచే హీట్ పంప్ వచ్చింది. అంతకుముందు తయారైన కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

బ్రేకు పట్టని మొదటి సిగ్నల్

అపార్ట్‌మెంట్ బయట రాత్రంతా మంచులో నిలిపిన కారును ఉదయం తీశారు. తెరమీద బ్యాటరీ గుర్తులో కొంత భాగం నీలం రంగులో, పక్కన ఒక మంచురేకు బొమ్మ. చలికి అందుబాటులో లేకుండా పోయిన కరెంటు అదన్నమాట. పవర్ గీతకి ఒక పక్క చిన్న చుక్కలు. వీధి చివర ఎర్రలైటు పడింది. అలవాటుగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. రోజూ అక్కడే నెమ్మదించి ఆగే బండి ఇవాళ అదే వేగంతో జారిపోతోంది. గుండె గుభేలుమంటుంది. బ్రేకు పెడల్ తొక్కితే మామూలుగానే ఆగుతుంది. చెడిపోయిందేమీ లేదు.

మామూలు రోజుల్లో కాలు తీయగానే మోటారు జనరేటర్‌గా మారి, బండి ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. అంటే ఆ బ్రేకింగ్ నిజానికి చార్జింగే. చల్లబడ్డ లిథియం బ్యాటరీ ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే. చార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల సందుల్లోకి దూరాలి. చలికి అవి మందగిస్తాయి. బలవంతంగా తోస్తే లోపలికి దూరలేక, గ్రాఫైట్ పైనే లోహపు పూతలా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో చాలా భాగం మళ్లీ పనికి రాదు, పూత ముదిరితే లోపల షార్ట్ సర్క్యూట్ ప్రమాదం కూడా ఉంది. అందుకే బ్యాటరీని కాపలా కాసే కంప్యూటర్ ముందుజాగ్రత్తగా తలుపు మూసేస్తుంది. కరెంటు తీసుకోనిస్తుంది గానీ వేసుకోనివ్వదు. బ్యాటరీ వెచ్చబడేకొద్దీ తెరమీద చుక్కలు ఒక్కొక్కటే తగ్గి, బ్రేకింగ్ తిరిగొస్తుంది.

హైవే మీద ఎలాగూ బ్రేకులు తక్కువ కాబట్టి ఈ నష్టం తెలియదు. అడుగడుగునా ఆగే ఊరి ప్రయాణంలో, అదీ బ్యాటరీ వెచ్చబడకముందే ముగిసిపోయే ప్రయాణంలో, రావలసిన కరెంటు బ్రేకుల దగ్గర వేడిగా పోతుంది. ఇక్కడా దెబ్బ పడేది చిన్న ప్రయాణాలకే.

చికాగోలో జరిగింది కూడా ఈ చిక్కే. చల్లటి బ్యాటరీతో ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళితే కారు ముందు బ్యాటరీని వేడి చేసుకుంటుంది, ఆ తర్వాతే కరెంటు వేగంగా తీసుకుంటుంది. ఒక్కో కారు ఎక్కువసేపు పట్టేసరికి వరుస పెరిగింది. వరుసలో ఉన్నవాళ్లు చలికి హీటర్ కట్టలేరు. హీటర్ గంటల లెక్కన తాగుతుంది కాబట్టి కదలకుండా నిలబడ్డ కారులో కూడా చార్జ్ దిగిపోయింది. కొన్ని చార్జర్లు పనిచేయకపోవడం దానికి తోడయింది.

వేడిని గోడ ప్లగ్గు నుంచే తీసుకోవడం

నార్వేలో చాలామంది రాత్రి ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుంటారు. బయల్దేరే సమయం ముందే యాప్‌లో పెడితే, ప్లగ్గులో ఉండగానే కారు లోపలా బ్యాటరీ రెండూ వేడెక్కుతాయి. ఖరీదైన ఆ తొలి పది నిమిషాల కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా గోడ నుంచి వస్తుంది. మన మూడో ప్రయాణంలో ఈ ఒక్క పనికే అర యూనిట్ మిగిలింది.

ఇంట్లో ప్లగ్గు లేనివాళ్లు పొద్దున్నే చల్లటి కారుతో చార్జర్‌కి వెళ్లకుండా, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగానే వెళ్లడం మేలు. ఫాస్ట్ చార్జర్‌ని కారు నావిగేషన్‌లో గమ్యంగా పెడితే చాలా మోడళ్లు దారిలోనే బ్యాటరీని సిద్ధం చేసుకుంటాయి. హీటర్ కాస్త తగ్గించి సీటు హీటర్ వేసుకోవచ్చు. అది కొన్ని పదుల వాట్లతో సరిపెడుతుంది, క్యాబిన్ హీటర్‌కి వేల వాట్లు కావాలి.

ఇంతకీ బావగారి అనుమానం తీరేదెలా? తెరమీద మైలుకి ఎన్ని వాట్ అవర్లు ఖర్చవుతున్నాయో చూడమనండి. వేసవిలో 250 చూపించేది ఇప్పుడు 400 చూపిస్తుంటే, రేంజ్ తినేసింది చలీ హీటరూ. నూరు శాతం చార్జ్‌లో ఎన్ని యూనిట్లు వాడుకోగలిగారన్నది బ్యాటరీ లెక్క. దాన్ని ఏప్రిల్‌లో, వెచ్చటి రోజున చూడాలి. నిరుటి ఏప్రిల్‌కీ ఈ ఏప్రిల్‌కీ పెద్ద తేడా లేకపోతే బ్యాటరీ నిక్షేపంగా ఉన్నట్టే. అప్పటికీ తగ్గుదల బాగా కనిపిస్తే వారంటీ కాగితాలు బయటికి తీయాలి.