అక్క ఖాతాలో తమ్ముడి లెక్కలు

మా అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడో తరగతి. లెక్కల యాప్‌కు చందా కట్టింది అమ్మాయి కోసమే. అక్క ఫోన్ పక్కన పెట్టగానే తమ్ముడు అందుకునేవాడు. ఓ పది రోజులకు అమ్మాయి విసుక్కుంది: "నాన్నా, నాకు తీసివేతలు ఇస్తోంది!" వాడికేమో సమీకరణాలు వస్తున్నాయి.

యాప్ తప్పేమీ లేదు. ఇలాంటి యాప్‌లు పాత జవాబులను చూసి తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటాయి. వరసగా తప్పులు పడితే కింది మెట్టుకు దింపుతాయి. తెర మీద వేలు ఎవరిదో వాటికి తెలియదు కదా. అందుకే కంపెనీకి ఇలా ఉత్తరం రాశాను:

"నమస్కారం. మేం కుటుంబ ప్లాన్‌కు మారాలనుకుంటున్నాం. ఇదే ఖాతాలో మా అబ్బాయికి రెండో ప్రొఫైల్ పెట్టుకోవచ్చా? వాడి తరగతి, సిలబస్, ప్రోగ్రెస్, వారం రిపోర్టు అక్కవాటితో కలవకుండా ఉంటాయా? ఇద్దరూ రెండు ఫోన్లలో ఒకేసారి వాడుకోవచ్చా? అమ్మాయి ప్రోగ్రెస్‌లో ఇప్పటికే కలిసిపోయిన వాడి జవాబులను తీసేయగలరా? పాత చందాలో మిగిలిన నెలల డబ్బు కొత్త ప్లాన్‌లో సర్దుతారా?"

'రెండో ప్రొఫైల్ ఉందా' అని మాత్రమే అడిగితే 'ఉంది' అనే జవాబు వస్తుంది. అది పేరూ బొమ్మా మారేంత వరకేనా, లేక లోపలి లెక్క కూడా వేరా అన్నది తేలదు. ప్లాన్లు అన్నీ ఒక తీరులో ఉండవు. డ్యుయోలింగో కుటుంబ ప్లాన్‌నే తీసుకుంటే, కొన్నవారితో కలిపి ఆరుగురు చేరవచ్చు, ఎవరి ఖాతా వారిదే. ఇంకొన్నిటిలో ఒకే ఖాతా కింద పిల్లల ప్రొఫైళ్లు ఉంటాయి. ఆపిల్ ఫ్యామిలీ షేరింగ్ మళ్లీ వేరే సంగతి. అందులో యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే చందా ఇంట్లో మిగతావాళ్లకు అందుతుంది.

రెండు రోజులకు జవాబొచ్చింది. ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, రిపోర్టులు వేరుగా వస్తాయి, డబ్బు సర్దుతాం, పాత జవాబులను మాత్రం విడదీయలేం అన్నారు. ఏ జవాబు ఎవరిదో గుర్తు లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మాట నమ్మి ఊరుకోలేదు. వాడి కొత్త ప్రొఫైల్‌లో కావాలనే అయిదు తప్పులు చేసి, వెంటనే అక్క ప్రొఫైల్ తెరిచి చూశాను. అక్కడేమీ కదల్లేదు. కదిలి ఉంటే, మారింది పేరొక్కటే అన్నమాట. ట్రయల్ రోజుల్లోనే ఈ పని చేసుకోండి, డబ్బు కట్టాక కాదు.

అమ్మాయి పాత ప్రొఫైల్‌ను అలాగే ఉంచి, మొదట్లో పెట్టే స్థాయి పరీక్షను మళ్లీ రాయించాం. ఇప్పుడు ఆదివారాలు రెండు రిపోర్టులు వస్తున్నాయి. వాడిదాంట్లో ఏడో ఎక్కం ఇంకా ఎర్రగానే ఉంది.