కంటి తెలుపును నమ్మవచ్చా?
ఫోటోల్లో చర్మం రంగు: అపోహలు – వాస్తవాలు

సాయంత్రం పూట యానాంలో గౌతమి గట్టున ఫోటో తీస్తే ముఖం మీద ఒకే రకం వెలుగు పడదు. వాలే ఎండ పసుపు తెస్తుంది, పైన ఆకాశం నీలం తెస్తుంది, నది నీరు ఆ రెండింటినీ కలిపి కింది నుంచి గడ్డం మీదికి విసురుతుంది. మన చూపు ఈ తేడాలకు తనంతట తానే సర్దుకుంటుంది. కెమెరాకు మాత్రం ఈ వెలుగులో ఏ రంగూ లేని వస్తువు ఎలా కనిపిస్తుందో మనం చూపించాలి. వైట్ బ్యాలెన్స్ అంటే అదే. ఆ రంగులేని వస్తువుగా దేన్ని చూపించాలన్న దగ్గరే తప్పులన్నీ మొదలవుతాయి. మన ప్రాంతపు స్టూడియోల్లో, పెళ్లి ఆల్బమ్‌ల తయారీలో తరచూ వినిపించే అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: కంటి తెల్లగుడ్డు ఎవరికైనా తెలుపే. ఐడ్రాపర్‌తో దాని మీద నొక్కితే చర్మం రంగు సరిపోతుంది.

వాస్తవం: తెల్లగుడ్డు తెల్లగా అనిపించేది పక్కన నల్లగుడ్డు, చుట్టూ చామనఛాయ ఉండటం వల్ల. విడిగా కొలిస్తే దానికీ రంగు ఉంటుంది, అది మనిషి మనిషికీ మారుతుంది. పసిపిల్లల్లో తెల్లగుడ్డు పొర పలుచగా ఉండి లోపలి ముదురు పొర ఛాయ బయటికి కనిపిస్తుంది కాబట్టి కాస్త నీలంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ పసుపు తేలుతుంది. ఏళ్ల తరబడి ఎండలో, ఉప్పుగాలిలో వేటకు వెళ్లినవారి కళ్లలో ఎర్రజీరలు కనిపించవచ్చు. ముదురు ఛాయ గలవారిలో తెల్లగుడ్డు మీద గోధుమరంగు మచ్చలు ఉండటం సహజమే. కామెర్లు వచ్చినవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. గట్టు మీద ఒక తాత, పక్కన మనవరాలు, ఇద్దరి మీదా ఒకే వెలుగు ఉందనుకుందాం. గ్రే కార్డుతో సరిచేశాక తాత కంటి తెలుపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా 196, 184, 170 అని చదివితే, మనవరాలి కంటిలో 182, 186, 192 అని చదవవచ్చు. తాత చెంప 150, 105, 80 అనుకోండి. ఇప్పుడు ఐడ్రాపర్‌తో తాత కన్ను నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ మూడు అంకెలనూ సమానం చేయాలని ఫోటో మొత్తంలో ఎరుపును తగ్గించి నీలాన్ని పెంచుతుంది. అప్పుడు చెంప 141, 105, 87 అవుతుంది. రక్తం లేనట్టు, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. దానికి బదులు మనవరాలి కన్ను నొక్కితే అదే చెంప 153, 105, 78 దగ్గరికి వెళ్లి మరింత ఎరుపెక్కుతుంది. లోపల సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను రా ఫైలు అంకెల మీద చేస్తుంది, ఇక్కడ అర్థం కావడానికి తేలిక చేశాను. జరిగేది మాత్రం ఇదే.

ఒకే వెలుగులో ఉన్న రెండు కళ్లు రెండు జవాబులు చెప్పాయంటే, అవి చెబుతున్నది వెలుగు గురించి కాదు, ఆ మనుషుల గురించి. పైగా కన్ను తడిగా, గుండ్రంగా ఉంటుంది. ఎదురుగా ఉన్న ఆకాశమో, రంగు గోడో అందులో ప్రతిఫలిస్తుంది. పైరెప్ప నీడ కూడా దాని మీదే పడుతుంది.

అపోహ 2: కన్ను కుదరకపోతే తెల్ల పంచె, తెల్ల చొక్కా ఉన్నాయిగా!

వాస్తవం: ఉతికిన తెల్లబట్ట కన్ను కంటే ఎక్కువ మోసం చేయగలదు, అదీ ఎదురు దిశలో. పసుపు తేలిన బట్టను తెల్లగా కనిపింపజేయడానికి మనం నీలిమందు పెడతాం. చాలా సబ్బుపొడుల్లో, ముద్రణ కాగితాల్లో ఉండే మెరుపు రసాయనాలు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలం వెలుగుగా బయటికి వదులుతాయి. ఈ రెండింటి వల్లా ఆ తెలుపులో నీలం ఎక్కువ. దాని మీద ఐడ్రాపర్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని తీసేస్తుంది, ముఖాలన్నీ పసుపు, నారింజ వైపు జారతాయి. అందుకే ఒకే పెద్దాయన ఫోటోలో కన్ను నొక్కితే ముఖం పాలిపోతుంది, పంచె నొక్కితే ముఖం కాగినట్టు అవుతుంది. ఎండలో తెల్లబట్ట అతిగా వెలిగిపోయి ఏదో ఒక రంగు 255 దగ్గర ఆగిపోయి ఉంటే, అక్కడ కొలవడానికి నిజమైన సమాచారమే మిగలదు.

అపోహ 3: 18 శాతం కార్డు కొంటే చాలు. దాన్ని ఎక్కడ పట్టుకున్నా ఒకటే.

వాస్తవం: 18 శాతం అన్నది కార్డు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే లెక్క. అది ఎక్స్‌పోజర్‌కు పనికొస్తుంది. రంగుకు కావలసింది వేరు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కార్డు సమానంగా తిప్పి పంపాలి. ఇంట్లో ప్రింటర్‌తో తీసుకున్న బూడిదరంగు కాగితానికి ఆ గుణం ఉంటుందన్న నమ్మకం లేదు. పాతబడి, చెమట చేతులతో మాసిన కార్డూ అంతే. వైట్ బ్యాలెన్స్ కోసమే తయారుచేసిన లేత బూడిద కార్డు ఇంకా మేలు. దాని నుంచి కెమెరాకు అందే వెలుగు ఎక్కువ, కాబట్టి కొలతలో నాయిస్ తక్కువ.

ఇక కార్డును ఎక్కడ పట్టుకోవాలన్నది అసలు సంగతి. పెళ్లివారు పసుపు గుడ్డ షామియానా కింద కూర్చున్నారు, ఫోటోగ్రాఫర్ బయట ఎండలో నిలబడి తన ముందు కార్డు పట్టుకుని కొలిచాడు అనుకోండి. అతను కొలిచింది తన మీద పడిన వెలుగును. షామియానా వడగట్టి పంపిన పసుపు వెలుగు కార్డును తాకనే లేదు, కాబట్టి ముఖాల మీద ఆ పసుపు అలాగే ఉండిపోతుంది. కార్డు పెళ్లికూతురి చెంప పక్కన ఉండాలి. ముఖం మీద ప్రధానంగా వెలుగు పడే దిక్కుకూ కెమెరాకూ మధ్యకు తిరిగి ఉండాలి. దాని మీద మెరుపు గానీ, పట్టుకున్న చేతి నీడ గానీ పడకూడదు. రాలో తీస్తే కార్డుతో ఒక ఫ్రేమ్ చాలు. తర్వాత దాని విలువను అదే వెలుగులో తీసిన ఫోటోలన్నిటికీ వర్తింపజేయవచ్చు. జేపెగ్ తీసేవారు కార్డు ఫ్రేమ్ మధ్య భాగాన్ని నింపేలా తీసి, కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా ముందే పెట్టుకోవాలి. గట్టు మీద ఎండ వాలుతున్నప్పుడు వెలుగు నిమిషాల్లో మారుతుంది, కాబట్టి కార్డు ఫ్రేమ్ మళ్లీ మళ్లీ తీయాలి.

అపోహ 4: చర్మానికి సరైన అంకెలు కొన్ని ఉంటాయి. ఎవరి ముఖాన్నైనా వాటి దగ్గరికి తెస్తే చాలు.

వాస్తవం: ఈ ఆలోచన వల్ల జరిగిన నష్టం చరిత్రలో ఉంది. రంగుల ఫిల్మ్ కాలంలో కోడాక్ సంస్థ ప్రింటింగ్ ల్యాబ్‌లకు షర్లీ కార్డులు అనే నమూనా ఫోటోలు పంపేది. వాటిలో ఉండేది తెల్లజాతి యువతి. ఆమె చర్మం బాగా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆమెను కొలతగా పెట్టుకుని ముద్రించిన ఫోటోల్లో నల్లని, గోధుమ ఛాయల ముఖాలు వివరం లేకుండా మసకబారేవి. ఒక మనిషి శరీరాన్నే కొలబద్ద చేసుకోవడమన్న తప్పు అక్కడా ఇక్కడా ఒకటే, షర్లీ చర్మమైనా తాతగారి కన్నైనా.

మన దగ్గర ఇదే తప్పు మరో రూపంలో కనిపిస్తుంది. ‘కాస్త రంగు తెప్పించండి’ అని అడిగితే కొందరు Temp గీతను నీలం వైపు జరిపి, వెలుగు పెంచేస్తారు. చామనఛాయ దానితో తెల్లబడదు, పాలిపోయి బూడిదలా అవుతుంది. వైట్ బ్యాలెన్స్ పని వెలుగు తెచ్చిపెట్టిన రంగును తీసేయడం వరకే. కార్డుతో సరిచేశాక నల్లనివారు నల్లగా, చామనఛాయవారు చామనఛాయగా ఉన్నారంటే కొలత సరిగ్గా పనిచేసినట్టు.

అపోహ 5: కార్డు సరిగ్గా వాడితే చర్మం తప్పకుండా నిజమైన రంగులోనే వస్తుంది.

వాస్తవం: కార్డు వెలుగులోని సమతూకాన్ని చెబుతుంది, వెలుగు నాణ్యతను చెప్పదు. చవక ఎల్ఈడీ దీపాల్లో ముదురు ఎరుపు భాగం బలహీనంగా ఉంటుంది. చర్మానికి జీవకళ వచ్చేది ఆ భాగం నుంచే. అలాంటి దీపాల కింద కార్డు నిఖార్సైన బూడిదరంగులో వచ్చినా ముఖాలు నిర్జీవంగా ఉంటాయి. లేని ఎరుపును ఐడ్రాపర్ పుట్టించలేదు. ఆ పరిస్థితిలో కొంతవరకు పనికొచ్చేది 1976లో వెలువడిన 24 గడుల కలర్‌చెకర్ పలక. దాని మొదటి రెండు గడులూ ముదురు, లేత చర్మాల రంగులే. కింది వరుసలో తెలుపు నుంచి నలుపు దాకా ఆరు మెట్లుంటాయి. ఆ పలకను అదే దీపం కింద తీసి ప్రొఫైల్ చేసుకుంటే తేడా కొంత తగ్గుతుంది. అంతకంటే మంచిది దీపమే మార్చడం.

రెండో పరిమితి కలగలిసిన వెలుగు. ఎర్ర పట్టుచీర మీంచి ఎగసిన ఎరుపు పెళ్లికూతురి గడ్డం కింద, మెడ మీద మాత్రమే ఉంటుంది, నుదుటి మీద ఉండదు. ఫోటో అంతటికీ కలిపి చేసే సవరణతో అది పోదు. పోగొట్టాలని Tint గీత జరిపితే నుదురు పచ్చబడుతుంది. మెడ వరకు మాస్క్ వేసి విడిగా సరిచేయాలి. నుదురు, చెంప, మెడ మూడు రంగుల్లో ఉన్నాయంటే తప్పు కార్డుది కాదు, మూడు చోట్ల మూడు వెలుగులు ఉన్నాయని అర్థం.

అపోహ 6: ముఖంలో పసుపు కనిపిస్తే అది రంగు లోపమే, తీసేయాలి.

వాస్తవం: పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ముఖానికి రాసిన పసుపు వెలుగు తెచ్చిన రంగు కాదు, నిజంగా అక్కడున్న రంగు. ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం ఫ్రేమ్ నిండా పసుపు చూసి అది దీపం తప్పని అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు నీలం కలిపి పసుపు ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. పసుపు పూసిన ముఖం పక్కనే కార్డు పెట్టి తీసిన ఒక్క ఫ్రేమ్ ఈ తగువు తీరుస్తుంది. కార్డు బూడిదరంగులో ఉండి ముఖం పసుపుగా ఉంటే ఆ ఫోటోను ముట్టుకోవద్దు.

బాలయోగి వారధి దగ్గర సూర్యాస్తమయంలో తీసిన ఫోటో సంగతి వేరు. అక్కడి బంగారు ఛాయ వెలుగుదే. కార్డు దాన్ని పూర్తిగా తుడిచేసి, సాయంత్రాన్ని మధ్యాహ్నం చేస్తుంది. కాబట్టి ముందు కార్డు విలువ పెట్టి, ఆ తర్వాత Temp ను మనకు కావలసినంత వెచ్చదనం వైపు జరపాలి. మొదలుపెట్టిన చోటు తెలుసు కాబట్టి ఎంత జరిపామో కూడా తెలుస్తుంది. ఆల్బమ్‌లోని ఫోటోలన్నిటికీ అంతే జరపవచ్చు.

అయితే కంటి తెలుపు దేనికీ పనికిరాదా?

కార్డు లేకుండా తీసిన ఫోటో చేతికొచ్చినప్పుడు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. దాని మీద ఐడ్రాపర్ నొక్కవద్దు, అంకెలు మాత్రం చదవండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కంటిలో ఎరుపు కాస్త ఎక్కువగా, నీలం కాస్త తక్కువగా ఉండటం మామూలే. నీలమే అన్నిటికంటే ఎక్కువగా ఉంటే ఫోటో చల్లబడి ఉండవచ్చు. ఆకుపచ్చ ఎక్కువగా ఉంటే ట్యూబ్‌లైటో, చెట్ల నీడో, పచ్చ గుడ్డో కారణం కావచ్చు. ఫ్రేమ్‌లో ఎంతమంది ఉంటే అందరి కళ్లూ చదవండి. అందరిలోనూ అంకెలు ఈ మామూలు తీరును దాటి ఒకే వైపు ఒరిగితే అది వెలుగు తప్పు, ధైర్యంగా సరిచేయవచ్చు. ఒక్కరిలోనే ఒరిగితే అది ఆ మనిషి కన్ను. దాన్ని అలాగే ఉండనివ్వాలి.