మూడా, అయిదా, పదా? అకౌంట్‌కి తాళం ఎప్పుడు పడాలి?

ఒక ఇంజినీరింగ్ కాలేజీ అనుకుందాం. ఒక బ్యాచ్‌లో 600 మంది. ల్యాబ్‌లో కంప్యూటర్ తెరవాలన్నా, మార్కులు చూసుకోవాలన్నా, పరీక్ష ఫీజు కట్టాలన్నా ఒకటే అకౌంట్. హాల్ టికెట్ నెంబరే యూజర్ నేమ్. చేరినరోజు ఇచ్చే పాస్‌వర్డ్ పుట్టినతేదీ. వెంటనే మార్చుకోమని చెబుతారు, చాలామంది మార్చుకోరు. ఇలాంటి ఏర్పాటు మన దగ్గర ఎంత మామూలో కాలేజీలో చదివిన ఎవరికైనా తెలుసు.

ఈ అకౌంట్లను చూసే సిస్టమ్ అడ్మిన్ ముందు ఒకరోజు ఒక ప్రశ్న వస్తుంది. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అవ్వాలి? ఏటీఎంలో మూడుసార్లు పిన్ తప్పితే కార్డు బ్లాక్ అవుతుంది కదా అని చాలామంది ఇక్కడా మూడే పెట్టేస్తారు. కానీ ఏటీఎంలో దొంగ చేతిలో ముందు కార్డు ఉండాలి. కాలేజీ అకౌంట్‌కి హాల్ టికెట్ నెంబరు తెలిస్తే చాలు. ఆ నెంబర్లు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఉంటాయి, నోటీసుబోర్డు మీద కూడా ఉంటాయి.

విండోస్ సర్వర్‌లో ఈ తాళానికి మూడు అంకెలు ఇవ్వాలి. ఎన్ని తప్పులకు లాక్ పడాలన్నది మొదటిది. లాక్ పడితే ఎన్ని నిమిషాలకు దానంతట అది తెరుచుకోవాలన్నది రెండోది. ఆఖరి తప్పు తర్వాత ఎన్ని నిమిషాలు ఆగితే తప్పుల లెక్క మళ్లీ సున్నా అవుతుందన్నది మూడోది. అందరి కళ్లూ మొదటి అంకె మీదే ఉంటాయి. నిజానికి ఎక్కువ పని చేసేవి మిగతా రెండూ.

లెక్క వేసి చూద్దాం. పది తప్పులకు లాక్, 15 నిమిషాలకు లెక్క సున్నా అని పెట్టారనుకోండి. తెలివైన దొంగ పదోసారి ప్రయత్నించడు. తొమ్మిదిసార్లు కొట్టి, 15 నిమిషాలు ఆగి, మళ్లీ తొమ్మిదిసార్లు కొడతాడు. రోజులో 15 నిమిషాల ముక్కలు 96 కాబట్టి, ఒక్క అకౌంట్ మీద రోజుకు 864 ప్రయత్నాలు. లాక్ ఒక్కసారి కూడా పడదు.

ఇప్పుడు పుట్టినతేదీల సంగతి. ఒక బ్యాచ్ పిల్లలు దాదాపుగా రెండేళ్ల వ్యవధిలో పుట్టినవాళ్లే. అంటే సుమారు 730 తేదీలు. రోజుకు 864 ప్రయత్నాలు చేయగలిగినవాడికి ఒక్కరోజు కూడా పట్టదు. సరే, అయిదు తప్పులకు లాక్, 30 నిమిషాల వ్యవధి అని బిగించామనుకోండి. రోజుకు 192 ప్రయత్నాలు, నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. ఇంకా బిగించి మూడు చేస్తే రోజుకు 96, ఎనిమిది రోజులు. పిల్లలకు నరకం చూపించి మనం సంపాదించింది ఒక వారం.

అదే పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలతో, అంకెలూ చిన్నా పెద్దా ఇంగ్లిష్ అక్షరాలూ ఏ వరుసా లేకుండా కలిపి పెట్టిందైతే, అలాంటివి 200 లక్షల కోట్లకు పైగా ఉంటాయి. రోజుకు 864 చొప్పున ప్రయత్నించినా దొంగ ముని మనవలకు కూడా దొరకదు. పాస్‌వర్డ్ బలహీనమైతే మూడు పెట్టినా పోతుంది, బలమైనదైతే పది పెట్టినా పోదు. మధ్యలో ఉన్న పాస్‌వర్డ్‌ల విషయంలోనే ఈ అంకెకు కొంత విలువ. ఆ కొంత కూడా తప్పుల సంఖ్య కంటే నిమిషాల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

దొంగ ఇంకో దారిలో రావచ్చు. ఒకే అకౌంట్ మీద వెయ్యి పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే బదులు, ఒకే పాస్‌వర్డ్‌ని అందరి మీదా ప్రయత్నిస్తాడు. దీన్ని పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. మన కాలేజీలో ఏదో ఒక తేదీ తీసుకుని 600 నెంబర్లకూ ఒక్కోసారి కొట్టాడనుకోండి. ఎవరూ పాస్‌వర్డ్ మార్చుకోకపోతే, రెండు తేదీలు పూర్తయ్యేసరికి సగటున ఒక అకౌంటైనా తెరుచుకుంటుంది. ఒక్కో విద్యార్థి ఖాతాలో పడిన తప్పులు రెండే. మూడు తప్పులకు లాక్ అన్న నిబంధన కూడా దీన్ని చూడనే చూడదు.

ఇక రెండోవైపుకు వద్దాం. ఈ తాళాన్ని దొంగ కూడా వేయగలడు. పాస్‌వర్డ్ కనుక్కునే ఉద్దేశమే లేకుండా, కావాలని తప్పులు కొట్టి అసలు మనిషిని బయట నిలబెట్టవచ్చు. ఫీజు కట్టడానికి ఆఖరిరోజు రాత్రి ఒక అల్లరి కుర్రాడు 600 మంది మీద అయిదేసి తప్పులు కొట్టాడనుకుందాం. మొత్తం 3,000 ప్రయత్నాలు. లాక్ 30 నిమిషాలైతే, సెకనుకు రెండు కూడా పంపనక్కర్లేదు, బ్యాచ్ మొత్తం తెల్లారేదాకా బయటే ఉంటుంది. మూడొందల రూపాయల డేటా ప్యాక్, పాత ల్యాప్‌టాప్ చాలు.

అయిదును పది చేసి, లాక్‌ను 15 నిమిషాలకు తగ్గిస్తే? సెకనుకు ఏడు ప్రయత్నాలు కావాలి. అదీ ఆ ల్యాప్‌టాప్‌కి లెక్కలోది కాదు. తప్పుల సంఖ్య పెంచినా తగ్గించినా ఈ దాడి ఆగదని దీన్నిబట్టే తెలుస్తోంది. కానీ ఒక్క సెట్టింగ్ మాత్రం దీన్ని ఘోరంగా మారుస్తుంది. లాక్ వ్యవధి దగ్గర సున్నా పెడితే, అడ్మిన్ వచ్చి తెరిచేదాకా అకౌంట్ మూసుకునే ఉంటుంది. అప్పుడు దుండగుడు రాత్రంతా కూర్చోనక్కర్లేదు. ఒక్కసారి 3,000 ప్రయత్నాలు చేసి నిద్రపోవచ్చు. ఆ రాత్రి మేలుకోవాల్సింది అడ్మిన్. మరింత భద్రం అనుకుని సున్నా పెట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఎవరూ కావాలని చేయకపోయినా ఇది జరుగుతుంది. 2008 చివర్లో బయటపడిన కాన్‌ఫికర్ అనే వర్మ్‌కు ఒక అలవాటు ఉండేది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేరాక, పక్క కంప్యూటర్లలోకి వెళ్లడానికి తన దగ్గరున్న మామూలు పాస్‌వర్డ్‌ల జాబితాను అకౌంట్ల మీద వరుసగా ప్రయత్నించేది. దాంతో చాలాచోట్ల ఉద్యోగుల అకౌంట్లు కుప్పలుగా లాక్ అయ్యాయి. ఉన్నట్టుండి అకౌంట్లు లాక్ అవుతుంటే కాన్‌ఫికర్ సోకిందేమో చూసుకోమని మైక్రోసాఫ్ట్ అప్పట్లో చెప్పింది.

మరి ఈ తప్పుల సంఖ్య దేనికి? నిజాయితీగా తప్పు కొట్టే మనిషి కోసం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సాషా బ్రోస్టాఫ్, ఏంజెలా సాస్ అనే పరిశోధకులు 2003లో దీనిమీద ఒక పత్రం రాశారు. ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ పడని ఒక సిస్టమ్‌లో 386 మంది పది వారాలపాటు చేసిన లాగిన్ రికార్డులు చూశారు. మూడుసార్ల హద్దును పదికి పెంచితే, పాస్‌వర్డ్ మర్చిపోయామంటూ వచ్చే అభ్యర్థనలు 44 శాతం దాకా తగ్గవచ్చని అంచనా వేశారు. జనం పాస్‌వర్డ్‌ని పూర్తిగా మర్చిపోరు. ఏది ఏ అకౌంట్‌దో తికమకపడతారు, నాలుగైదు ప్రయత్నాల్లో గుర్తు తెచ్చుకుంటారు. మూడోదానికే తలుపు మూస్తే ఆ గుర్తుకు అవకాశమే ఉండదు.

మనిషి చేయని తప్పులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ల్యాబ్‌లో పాస్‌వర్డ్ మార్చుకున్న విద్యార్థి జేబులోని ఫోన్, హాస్టల్ వైఫై కోసం పాత పాస్‌వర్డ్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. దీనికోసమే విండోస్ సర్వర్ ఒక వెసులుబాటు ఇచ్చింది: అంతకుముందు వాడిన చివరి రెండు పాస్‌వర్డ్‌లలో ఏదైనా వస్తే దాన్ని తప్పుగా లెక్కపెట్టదు. కానీ అన్ని రకాల లాగిన్‌లకూ ఈ వెసులుబాటు వర్తించదు.

ఇవన్నీ చూశాక నా మాట పది. చెల్లింపు కార్డుల సంస్థలు పాటించే పీసీఐ ప్రమాణంలో పాత హద్దు ఆరు. 4.0 కూర్పు వచ్చాక దాన్ని పదికి పెంచారు, లాక్ మాత్రం కనీసం 30 నిమిషాలు ఉండాలన్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అయితే వరుసగా వంద తప్పులను గరిష్ఠ హద్దుగా చెప్పింది. కార్డుల వ్యాపారం చేయని మన కాలేజీకి 15 నిమిషాలు చాలు. సర్వర్ దగ్గర కూర్చున్న అడ్మిన్ ఇలా ఇవ్వవచ్చు:

```
net accounts /lockoutthreshold:10 /lockoutwindow:15 /lockoutduration:15
```

కావాలని లాక్ చేసే కుర్రాడిని ఆపాలంటే మాత్రం అంకెలు మార్చి లాభం లేదు, లెక్క ఎవరి పేరున పెడుతున్నామో మార్చాలి. అకౌంట్‌కి ఒకే లెక్క కాకుండా రెండు పెట్టడం దీనికి మంచి పద్ధతి. ఇంతకుముందు సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయిన ఫోన్‌కో బ్రౌజర్‌కో ఒక గుర్తు ఇస్తారు. దాని తప్పులు ఒక లెక్కలో, ముక్కూమొహం తెలియని చోట్ల నుంచి వచ్చే తప్పులు ఇంకో లెక్కలో పడతాయి. దుండగుడు రాత్రంతా కొట్టినా రెండో తలుపే మూసుకుంటుంది, విద్యార్థి తన ఫోన్ నుంచి ఫీజు కట్టుకోగలడు. మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో ఉన్న స్మార్ట్ లాకౌట్ ఇలాగే తెలిసిన చోటునీ తెలియని చోటునీ విడిగా లెక్కిస్తుంది. పది తప్పులకు మొదట ఒక్క నిమిషమే లాక్ చేసి, ఆగకపోతే ఆ సమయాన్ని పెంచుతూ పోతుంది. ఈ పద్ధతికీ ఒక లోటుంది. దాడి జరుగుతున్న రోజే కొత్త ఫోన్ కొన్నవాడు తెలియనివాళ్ల వరుసలోనే నిలబడాలి.

ఐపీ అడ్రస్‌ని బట్టి ఆపేద్దామన్న ఆలోచన పైకి సులువుగా కనిపిస్తుంది. కానీ హాస్టల్ మొత్తం ఒకే అడ్రస్‌తో బయటికి వెళ్తుంది, మొబైల్ నెట్‌వర్క్‌లలో వేలమంది ఒకే అడ్రస్ పంచుకుంటారు. ఒక్కడి కోసం అందరినీ ఆపినట్టవుతుంది.

అడ్మిన్ చూడాల్సిన చోటు సర్వర్ లాగ్. విండోస్‌లో అకౌంట్ లాక్ అయిన ప్రతిసారీ 4740 నెంబరుతో ఒక నమోదు పడుతుంది, తప్పులు ఏ కంప్యూటర్ నుంచి వచ్చాయో అందులో ఉంటుంది. ఒకే విద్యార్థి అకౌంట్ క్రమం తప్పకుండా లాక్ అవుతుంటే అది ఎక్కడో మిగిలిపోయిన పాత పాస్‌వర్డ్. హాల్ టికెట్ల వరుసలోనే అకౌంట్లు లాక్ అవుతుంటే అది కావాలని చేస్తున్న పని. ఒక్కటీ లాక్ కాకుండా, 600 అకౌంట్ల మీద ఒక్కొక్క తప్పే పడితే అది స్ప్రేయింగ్. మూడింటిలో ప్రమాదకరమైనది ఇదే, 4740 దీన్ని పట్టించదు. లాగిన్ విఫలమైనప్పుడు పడే 4625 నమోదుల్ని ఒక్కో అకౌంట్ వారీగా కాకుండా అన్ని అకౌంట్లకూ కలిపి లెక్కిస్తేనే బయటపడుతుంది.

పది, పదిహేను, పదిహేను అని పెట్టి నిశ్చింతగా కూర్చోవచ్చా అంటే, పుట్టినతేదీ పాస్‌వర్డ్‌గా ఉన్నంతకాలం కూర్చోలేం. చేరినరోజే ఎవరిది వారికి వేరుగా ఉండే పాస్‌వర్డ్ ఇవ్వండి, మొదటి లాగిన్‌లోనే మార్చక తప్పకుండా చేయండి. లాక్ అంకె గురించి కమిటీ మీటింగ్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.