సదస్సు ముగిశాక వెళ్లే మెయిల్

ఆషాఢం వచ్చిందంటే విశాఖ, విజయవాడ, హైదరాబాద్ హోటళ్లలో పెద్ద హాళ్లకు పెళ్లి కళ తగ్గిపోతుంది. శ్రావణం వచ్చేదాకా ముహూర్తాలు ఉండవు. ఆ రోజుల్లో హాళ్లను నింపేది కంపెనీలే. డీలర్ల సదస్సులు, శిక్షణ తరగతులు, అమ్మకాల సమీక్షలు ఎక్కువగా ఏటా జరిగేవే కాబట్టి, ఈసారి వచ్చిన కంపెనీ వచ్చే ఏడాదీ రావాలని ప్రతి హోటల్ సేల్స్ మేనేజరూ కోరుకుంటాడు. ఆ కోరిక తీరడానికి రేటు, గది, భోజనం ముఖ్యం. వాటి తర్వాత చెప్పుకోవాల్సింది, సదస్సు ముగిశాక హోటల్ పంపే కృతజ్ఞతల మెయిల్.

ఈ మెయిల్ చదివేది ఎవరో ముందు చూడాలి. కంపెనీ తరఫున హోటల్‌తో బేరమాడి, గదుల లెక్క తేల్చి, మెనూ ఖాయం చేసింది సాధారణంగా అడ్మిన్ లేదా మార్కెటింగ్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి. రెండు రోజుల సదస్సులో ఆమె కుర్చీలో కూర్చున్నది తక్కువ, ఫోన్‌లో మాట్లాడింది ఎక్కువ. సదస్సు ముగిసిన మరుసటి రోజు ఆమె తన పైఅధికారికి జవాబు చెప్పుకోవాలి. హోటల్ మెయిల్‌ను ఆమె నేరుగా ఆయనకు ఫార్వర్డ్ చేయగలిగితే అది పనికొచ్చిన మెయిల్. 'మా హోటల్‌ను ఎంచుకున్నందుకు హృదయపూర్వక ధన్యవాదాలు, మళ్లీ మీ సేవాభాగ్యం కలగాలి' అని మాత్రమే ఉంటే ఆమె దాన్ని ఎవరికీ పంపదు.

అందుకే అనుభవమున్న సేల్స్ మేనేజర్ రాయడానికి ముందు కాస్త తిరుగుతాడు. సదస్సు జరిగేటప్పుడు అతను హాల్లో ఉండేది కొద్దిసేపే. పని నడిపేది బాంక్వెట్ విభాగం. అందుకని బాంక్వెట్ కెప్టెన్‌ను అడిగి భోజనాల దగ్గర ఏం జరిగిందో తెలుసుకుంటాడు. ఫ్రంట్ ఆఫీసు నుంచి ఎన్ని గదులు అట్టేపెట్టారో, ఎన్నింటిలో అతిథులు దిగారో లెక్క తీసుకుంటాడు. హాలు అమరిక, టీ వేళలు, మెనూ, మైకులు, ప్రొజెక్టరు అన్నీ రాసి ఉండే ఫంక్షన్ షీటును ముందు పెట్టుకుని, కాగితం మీద ఉన్నదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడ వచ్చిందో చూస్తాడు. మెయిల్‌లో రాయదగిన విషయం ఎక్కువగా దొరికేది ఆ తేడాల్లోనే.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. వ్యవసాయ పంపుసెట్లు తయారుచేసే ఒక కంపెనీ జులైలో విశాఖలోని ఒక హోటల్లో రెండు రోజుల డీలర్ల సదస్సు పెట్టింది. భోజనాలకు 150 మంది గ్యారంటీ ఇచ్చింది. గ్యారంటీ అంటే, తక్కువమంది వచ్చినా అన్ని ప్లేట్లకు డబ్బు కడతామని ముందే ఒప్పుకునే సంఖ్య. మొదటి రోజు మధ్యాహ్నం 162 మంది వచ్చారు. వంటగది కొంత అదనంగా వండి ఉంచుతుంది కాబట్టి ఆ పన్నెండు మందికీ వడ్డన సాగింది. ఆ సాయంత్రం లాన్‌లో విందు అనుకున్నారు, నాలుగు గంటలకు వాన పట్టుకుంది. మూడు గంటల్లో విందును లోపలి హాలుకు మార్చారు. రెండో రోజు ఉదయం ఎండీ మాట్లాడుతుంటే కార్డ్‌లెస్ మైకు ఆగిపోయింది, వేరే మైకు తెచ్చేసరికి కొన్ని నిమిషాలు పట్టింది.

ఇలాంటి మెయిళ్లు మామూలుగా ఇంగ్లీషులోనే వెళ్తాయి. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

'మేడమ్‌గారికి నమస్కారం. నిన్న ముగిసిన మీ డీలర్ల సదస్సును మా హోటల్లో జరిపినందుకు కృతజ్ఞతలు. సాయంత్రం నాలుగింటికి వాన మొదలవగానే ఆలస్యం చేయకుండా విందును లోపలికి మార్చుదామని మీరు నిర్ణయించారు. అందువల్లే ఏడు గంటలకల్లా బల్లలన్నీ సిద్ధం చేయగలిగామని మా బాంక్వెట్ కెప్టెన్ చెప్పారు. మొదటి రోజు భోజనానికి అనుకున్నదానికన్నా పన్నెండు మంది ఎక్కువ వచ్చినా, మీ బృందం బ్యాచ్‌లవారీగా పంపడంతో ఎవరూ వేచి ఉండాల్సి రాలేదు. రెండో రోజు ఎండీగారి ప్రసంగంలో మైకు ఆగిపోవడం మా వైపు లోపం. బ్యాటరీ మార్చకుండా పెట్టారు. ఇకపై ప్రతి సెషన్‌కు ముందు కొత్త బ్యాటరీ వేసి, వేదిక పక్కన వైరు మైకు ఒకటి సిద్ధంగా ఉంచాలని ఏర్పాటు చేశాం. బిల్లు మా అకౌంట్స్ విభాగం నుంచి విడిగా వస్తుంది. అందులో ఏ సందేహం ఉన్నా నేరుగా నాకు ఫోన్ చేయండి.'

ఇందులో పొగడ్త తక్కువ. వాన వచ్చినప్పుడు నిర్ణయం ఎవరిదో చెప్పింది, దాని ఫలితం చెప్పింది. పైఅధికారి ఆ వాక్యం చదివితే తన ఉద్యోగి ఏం చేసిందో హోటల్ మాటల్లోనే తెలుస్తుంది. కంపెనీ పేరు మార్చి ఇంకో కంపెనీకి పంపినా సరిపోయే మెయిల్‌లో ఇలాంటి వాక్యం ఉండదు. పాత మెయిల్‌ను కాపీ చేసి పంపేవాళ్లు ఒక్కోసారి ముందటి కంపెనీ పేరు తీసేయడం కూడా మరచిపోతారు. ఆ తర్వాత ఎంత వివరణ ఇచ్చుకున్నా పోయిన మర్యాద తిరిగి రాదు.

మైకు సంగతి రాయకపోతే బాగుండేదని కొందరు సేల్స్ మేనేజర్లకు అనిపించవచ్చు. కానీ హాల్లో అందరూ చూసినదాన్ని మెయిల్ దాచలేదు. చెప్పకపోతే మిగతా వాక్యాల మీద కూడా నమ్మకం తగ్గుతుంది. అయితే క్షమాపణ ఒక్కటే చాలదు, కారణం ఏమిటో, ఏం మార్చారో ఒక్కో వాక్యంలో రావాలి. కారణం తెలియకుండా ఊహించి రాయడం ఇంకా ప్రమాదం. ఇంజనీరింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకున్నాకే రాయాలి.

బిల్లు ఎందుకు వేరు? 150కి గ్యారంటీ ఇచ్చి 162 మంది తింటే బిల్లు 162కే వస్తుంది. ఆ పన్నెండు ప్లేట్ల మీద ప్రశ్న రావడం సహజం. కృతజ్ఞతల మెయిల్‌కు బిల్లును జతచేస్తే చదివేవారి కళ్లు నేరుగా అంకెల మీదకు పోతాయి, పైన రాసినది మూలన పడుతుంది. బిల్లు వెళ్లేలోపే మెయిల్ వెళ్లాలి, అంటే సదస్సు ముగిసిన మరుసటి రోజు, మహా అయితే ఆ తర్వాతి రోజు. వారం తర్వాత వస్తే అది బాకీ వసూలుకు ముందు పలకరింపులా కనిపిస్తుంది.

వచ్చే ఏడాది బుకింగ్ మాట కూడా ఇందులో వద్దు. బిల్లు తేలి డబ్బు అందాక, మరో మెయిల్‌లోనో నేరుగా కలిసో వచ్చే ఆషాఢంలో ఏ తేదీలు ఖాళీగా ఉన్నాయో చెబితే అది వినదగిన మాట అవుతుంది. అతిథుల సంగతులూ అంతే. ఫలానా డీలరు ఆలస్యంగా గదికి వచ్చారనో, ఫలానా ఆయనకు ఒంట్లో బాగోలేక డాక్టర్‌ను పిలిచామనో రాయకూడదు. ఈ మెయిల్ ఎంతమందికి ఫార్వర్డ్ అవుతుందో హోటల్ చేతుల్లో ఉండదు.

హోటల్ ఉద్యోగంలో కొత్తగా చేరినవారు పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ మెయిల్‌ను అందుకున్న మనిషి తన పైఅధికారికి చూపించుకోగలరా? చూపించుకోలేరనిపిస్తే పంపకండి. ముందు బాంక్వెట్ కెప్టెన్ దగ్గరికి వెళ్లి ఏం జరిగిందో అడిగి వచ్చి, మళ్లీ రాయండి.