ఎక్స్‌-రే బాగుంది.. మరి గజ్జల్లో నొప్పెందుకు?

తెల్లవారుజామున మైపాడు బీచ్‌కు వెళ్తే మీకూ కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీ కోసమో, పోలీసు ఉద్యోగం కోసమో ఇసుకలో పరుగులు తీసే కుర్రాళ్లు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. కొన్ని సెకన్ల తేడాలో ఉద్యోగం చేజారిపోతుంది కాబట్టి చిన్న నొప్పులను వాళ్లు లెక్కచేయరు.

అలాంటి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఆ మధ్య నా ఓపీకి వచ్చాడు. నేను ఎముకల డాక్టర్ని కాదు, జనరల్ మెడిసిన్. కానీ గజ్జల్లో నొప్పి అనగానే హెర్నియా అనో, బిళ్ల కట్టిందనో అనుకుని చాలామంది ముందు మా దగ్గరికే వస్తారు. ఇతనికి హెర్నియా లేదు, బిళ్లా లేదు. కుడికాలు కొద్దిగా ఈడ్చి నడుస్తున్నాడు.

అడిగితే సంగతి బయటపడింది. రోజుకు రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి, మూడు వారాల్లోనే ఎనిమిదికి చేరాడు. వారంలో ఒక్కరోజూ విశ్రాంతి లేదు. సగం పరుగు ఇసుకలో ఉత్తకాళ్లతో, సగం తారురోడ్డు మీద. ఒళ్లు తేలిగ్గా ఉండాలని రాత్రిపూట అన్నం మానేశాడు. నాలుగో వారంలో గజ్జల్లో సన్నటి నొప్పి మొదలైంది. మొదట పరుగు చివర్లో వచ్చేది. తర్వాత పరుగు మొదలుపెట్టగానే, ఆ తర్వాత నడిచినా. ఒకచోట ఎక్స్‌-రే తీసి ‘ఏమీ లేదు, కండరం పట్టేసింది’ అన్నారట. నొప్పి మాత్ర వేసుకుని మరో వారం పరుగెత్తాడు.

పడుకోబెట్టి, మోకాలు మడిచి, తొడను మెల్లగా లోపలివైపు తిప్పాను. గజ్జల్లోనే నొప్పి అని ముఖం చిట్లించాడు. ఇలాంటప్పుడు ఒంటికాలి మీద గెంతించి చూడటం కొందరికి అలవాటు. తుంటి దగ్గర అనుమానం ఉంటే ఆ పని ఎవరూ చేయొద్దు. పగులు అక్కడికక్కడే విడిపోవచ్చు. అతన్ని నడిపించకుండా చక్రాల కుర్చీలోనే పంపించాను. వాళ్లమ్మ మాత్రం, ‘‘ఫొటోలో ఏమీ లేదన్నారు కదా సార్, మళ్లీ ఇంకో ఫొటో ఎందుకు?’’ అంది.

తవ్విన రోడ్డు మీద లారీలు

ఆమె ప్రశ్నకు జవాబు ఎముక తనను తాను బాగుచేసుకునే తీరులో ఉంది. బరువు పెరిగినప్పుడు ఎముక గట్టిపడుతుంది, నిజమే. కానీ ముందు పాత ఎముకను తొలిచే కణాలు పనిచేస్తాయి. అందుకు రెండు మూడు వారాలు చాలు. ఆ గుంటలను పూడ్చి, కొత్త ఎముకను గట్టిపరచడానికి నెలలు పడుతుంది. అంటే సాధన మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు ఎముక తవ్వేసి ఇంకా తారు పోయని రోడ్డులా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు పరుగు పెంచుతారు. దెబ్బ తగలకుండానే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. కవాతు చేసే సైనికుల పాదాల్లో కనిపించే ఈ నొప్పిని, వాపును 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌-రే పుట్టనే లేదు. పగులని తెలిసింది ఆ తర్వాతే.

తిండి చాలకపోతే, విటమిన్-డి తక్కువైతే ఆ మరమ్మతు ఇంకా నెమ్మదిస్తుంది. పరుగెత్తే అమ్మాయిల్లో మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే, దాన్ని ‘ప్రాక్టీసు వల్లే’ అని వదిలేయకండి. తిన్నది శరీరానికి చాలక ఈస్ట్రోజెన్ పడిపోయిందనీ, దాంతోపాటు ఎముకలూ పలచబడుతున్నాయనీ అనుమానించాలి. ఏళ్లతరబడి స్టిరాయిడ్లు వాడేవారికి, పొగతాగేవారికి, ఇంతకుముందు ఇలాంటి పగులు వచ్చినవారికి కూడా ముప్పు ఎక్కువే.

ఇక ఎక్స్‌-రే సంగతి. ఇంత సన్నటి పగులు తొలి రెండు మూడు వారాల్లో ఎక్కువమందికి అందులో కనిపించదు. మానుతూ చుట్టూ కొత్త ఎముక పేరుకున్నాకే తెల్లగా తేలుతుంది. కొందరిలో ఎప్పటికీ కనిపించదు. ఎమ్మారైలో మాత్రం పగులు గీత పడకముందే ఎముక లోపలి వాపు తెలిసిపోతుంది. దీనికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. రెండు తుంట్లూ కలిపి తీయించడం మంచిది, ఎందుకంటే నొప్పి లేని వైపు కూడా మొదలై ఉండొచ్చు. బోన్ స్కాన్ కూడా పసిగడుతుంది గానీ, పగులు ఎముకలో ఏ అంచున ఉందో సరిగ్గా చెప్పలేదు. తుంటి విషయంలో మనకు కావలసింది అదే.

పైఅంచా? కిందిఅంచా?

తొడ ఎముక పైచివర బంతిలా ఉంటుంది. ఆ బంతిని ఎముకకు కలిపే సన్నటి భాగమే మెడ. మనం నిలబడ్డప్పుడు బరువుకు ఈ మెడ వంచిన కొమ్మలా అవుతుంది. కింది అంచు నొక్కుకుంటుంది, పై అంచు సాగుతుంది. కింది అంచున పడ్డ పగులును బరువే దగ్గరకు నొక్కుతుంది. అది మెడ వెడల్పులో సగం కంటే తక్కువ ఉంటే ఆపరేషన్ లేకుండా మానే అవకాశం ఎక్కువ. పై అంచున పడితే ప్రతి అడుగూ దాన్ని విడదీస్తుంది. అందుకే నొప్పి తక్కువగా ఉన్నా సాధారణంగా ఆలస్యం చేయకుండా స్క్రూలు వేస్తారు. పూర్తిగా విరిగి జరిగిపోతే అది అత్యవసరం. బంతికి రక్తం తీసుకెళ్లే నాళాలు ఆ మెడ వెంబడే పోతాయి. అవి తెగితే బంతి ఎండిపోతుంది, పాతికేళ్లలోపే తుంటి మార్పిడి దాకా వెళ్లాల్సి రావచ్చు.

మావాడికి అదృష్టం కొద్దీ కింది అంచునే ఉంది. మెడలో మూడో వంతు దాకా వచ్చింది.

‘‘పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామా?’’ అని వాళ్లమ్మ అడిగింది. కాదని కసురుకుంటే చెప్పకుండా వెళ్తారు, అందుకే బొమ్మ గీసి చూపించాను. తుంటి మెడ కండరాల అడుగున లోతుగా ఉంటుంది. పైనుంచి ఏ కట్టూ దాన్ని పట్టి ఉంచలేదు. అక్కడ పనిచేసే వైద్యం ఒక్కటే, ఆ కాలి మీద బరువు పడకపోవడం.

పాదంలోనూ ఇలాంటి మొండి చోటు ఒకటుంది. చీలమండకు ముందు, పాదం పైవంపులో ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముక. దాని నడిమి భాగానికి రక్తసరఫరా తక్కువ. స్ప్రింటర్లలో, లాంగ్‌జంప్ చేసేవాళ్లలో ఎక్కువగా చూస్తాం. నొప్పి ఎక్కడో స్పష్టంగా చెప్పలేరు. కానీ పాదం పైన ఆ ఎముక మధ్యలో వేలితో నొక్కితే ఉలిక్కిపడతారు. ఎమ్మారైలో తేలాక, పగులు ఎంత లోతుకు వెళ్లిందో చూడటానికి సన్నటి ముక్కలుగా సీటీ స్కాన్ తీస్తారు. ఎముక జరగకపోతే కనీసం ఆరు వారాలు సిమెంటు కట్టు వేసి, ఆ కాలు నేలకు ఆనించకుండా ఉంచాలి. కట్టుతోనే నడుస్తామంటే కుదరదు, చాలామందిలో మానకుండా మొండికేసేది ఇందుకే. పూర్తిగా చీలినా, జరిగినా స్క్రూ తప్పదు.

మన కుర్రాడికి ఎముకల విభాగంలో చంకకర్రలు ఇచ్చారు. మొదటి నెల వారంవారం ఎక్స్‌-రే. ఇక్కడ వెతికేది మానిందా అని కాదు, పగులు పెరిగిందా అని. పెరిగితే వెంటనే ఆపరేషన్ అని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. విటమిన్-డి 11 ఉంది, 20 పైన ఉండాలి. మందు మొదలుపెట్టాం, రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టించాం. నొప్పి మాత్రలు మాత్రం ఆపేశాం, నొప్పే మాకు గుర్తు కాబట్టి.

‘‘ఈ ర్యాలీ పోతే వయసు దాటిపోద్ది సార్’’ అని రెండో వారంలో ఏడ్చాడు. ఆరో వారం దాటాక పాదం ఆనించి, ఎనిమిదో వారానికి కర్రలు వదిలి నడిచాడు. మూడో నెలంతా సైకిల్. నాలుగో నెలలో మళ్లీ ఎమ్మారై చూశాక, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున రోజు మార్చి రోజు ఇరవై నిమిషాలు మొదలుపెట్టించారు. ఆ ర్యాలీ పోయింది. ఇప్పుడు పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు.