ఒకే ‘అ’, రెండు ఉద్యోగాలు

వినండర్రా! ఇవాళ రష్యన్ భాషలో విభక్తుల సంగతి చెప్పుకుందాం. వాళ్ళకున్నవి ఆరు. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు, మన ‘ని, ను’ ఉన్నాయే, ఆ ద్వితీయా విభక్తి ఒక్కటి చూద్దాం.

‘అన్న చెల్లిని చూస్తున్నాడు’ అన్నా, ‘చెల్లిని అన్న చూస్తున్నాడు’ అన్నా చూసేది అన్నే. ‘ని’ చెల్లిని అంటిపెట్టుకుని ఉంది కాబట్టి మాటలు అటూ ఇటూ అయినా అర్థం చెదరదు. రష్యన్‌లోనూ అంతే. బ్రాత్ అంటే సోదరుడు, సిస్త్రా అంటే సోదరి, వీదిత్ అంటే చూస్తాడు లేదా చూస్తుంది. ‘బ్రాత్ వీదిత్ సిస్త్రూ’ అన్నా ‘సిస్త్రూ వీదిత్ బ్రాత్’ అన్నా చూసేవాడు సోదరుడే.

అయితే మనం చెల్లి మాటకు చివర ‘ని’ చేరుస్తాం. వాళ్ళు సిస్త్రా చివరున్న ‘ఆ’ను తీసేసి ఆ చోట ‘ఊ’ పెడతారు. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఇప్పుడు సోదరి సోదరుణ్ణి చూడాలి. ‘సిస్త్రా వీదిత్ బ్రాత’ అంటారు. రాతలో రెండు మాటల చివరా ఒకే అక్షరం! సిస్త్రాలో అది కర్త గుర్తు, బ్రాతలో కర్మ గుర్తు. సిస్త్రా స్త్రీలింగం, బ్రాత్ పుంలింగం. ప్రత్యయాలు లింగాన్ని బట్టి మారతాయి. అందుకే చివరి అక్షరం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. అసలు మాట ఏమిటో, దాని లింగమేమిటో ముందు తెలియాలి.

నాకు అన్నిటికంటే ముచ్చట గొలిపేది ఇంకోటుంది. ‘బజార్లో బల్ల చూశాను’ అంటాం, ‘ను’ లేకపోయినా ఫర్వాలేదు. ‘బజార్లో తమ్ముడు చూశాను’ అంటామా? అనం, ‘తమ్ముణ్ణి’ అని తీరాలి. ప్రాణమున్నదా లేనిదా అని మన నాలుక చూసుకుంటుంది. రష్యన్ పుంలింగ పదాలూ ఆ లెక్కే చూస్తాయి. స్తోల్ అంటే బల్ల. ‘యా వీజు స్తోల్’, నేను బల్ల చూస్తున్నాను, మాట మారలేదు. ‘యా వీజు బ్రాత’ అన్నప్పుడు మారింది. కోత్ అనే మగపిల్లి కూడా ప్రాణే కదా, అదీ ‘కతా’ అవుతుంది. మనకు బల్లకు ‘ను’ చేర్చినా తప్పులేదు. వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు.

ఈ ఏర్పాటు చేతులెత్తేసే చోటు కూడా ఉంది. మాత్ అంటే తల్లి, దోచ్ అంటే కూతురు. ఈ రెండూ స్త్రీలింగాలే, కానీ ఏకవచనంలో కర్మ అయినా రూపం మారదు. ‘మాత్ ల్యూబిత్ దోచ్’ అంటే ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నట్టు? ఇక్కడ మాటల వరసే దిక్కు. ముందున్న తల్లినే కర్తగా తీసుకుంటారు. తెలుగులో ‘కూతుర్ని’ అనగానే పేచీ తీరిపోతుంది.

కాబట్టి రష్యన్ మొదలుపెట్టేవాళ్ళు మాటను ఒంటరిగా బట్టీ పట్టకండి. పక్కనే దాని లింగం, ప్రాణం ఉందో లేదో రాసుకుని, ‘చూస్తున్నాను’తో ఒక వాక్యం కట్టి పైకి చదవండి.